అన్నయ్య మాటల్లో ఒక్క అక్షరం: ఏకపాత్ర రాస్తూ పెట్టుకున్న డైరీ

జూన్ 3

ఈ రోజు మొదలుపెట్టాను. పన్నెండు నిమిషాల ఏకపాత్ర. మాట్లాడేది ఒక్కడే. వినే మనిషి ఎదురుగా ఉంటుంది కానీ నోరు విప్పదు. అతను తన మంచితనం చెప్పుకోవడానికి కూర్చుంటాడు. మాట్లాడుతూ ఉండగా, తాను చెప్పదలచుకోనిది కూడా చెప్పేస్తాడు. చెప్పేశానని అతనికి చివరిదాకా తెలియదు, చూసేవాళ్ళకి తెలుస్తుంది.

సందర్భం ఇది. తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. తల్లి పోయింది. పెద్దకర్మ నిన్న అయిపోయింది, చుట్టాలంతా వెళ్ళిపోయారు. అన్నకి 58 ఏళ్ళు, ఊళ్ళోనే ఉంటాడు. చెల్లెలికి 51, హైదరాబాదు నుంచి వచ్చింది. సాయంత్రం బస్సుకి ఆమె వెళ్ళిపోవాలి. ఈ లోపల ఇంటి మీద హక్కు విడుదల దస్తావేజుకి ఆమెను ఒప్పించాలని అన్న ఆరాటం. ముసాయిదా కాగితం టీపాయ్ మీద ఉంది.

ఇల్లు తల్లి పేరు మీద ఉంది. తండ్రి ముందే పోయాడు, తల్లి వీలునామా రాయలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అది కొడుక్కీ కూతురికీ సమానంగా వస్తుంది. చెల్లెలు సంతకం పెట్టకపోతే అన్న ఇల్లు అమ్ముకోలేడు. ఇది కథలో ఎక్కడా చెప్పను. అతను ఎందుకు అంతసేపు మాట్లాడుతున్నాడో నాకు తెలియాలి కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. అవసరం లేని మనిషి పన్నెండు నిమిషాలు మాట్లాడడు. ఎక్కువ మాట్లాడనివాడి నోరు జారదు.

జూన్ 5

ఇంగ్లీషు కవి రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో అచ్చువేసిన ‘మై లాస్ట్ డచెస్’ కవిత మళ్ళీ చదివాను. 56 పంక్తులు. ఈ పద్ధతి నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. ఇటలీలోని ఫెరారాని ఏలే డ్యూక్ తన తర్వాతి పెళ్ళి మాటలకి వచ్చిన దూతకి, చనిపోయిన భార్య బొమ్మ చూపిస్తూ మాట్లాడతాడు.

కాలేజీలో చదివినప్పుడు, డ్యూక్ భార్యను చంపించానన్న సంగతి పొరపాటున బయటపెట్టేశాడు అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించలేదు. ఆజ్ఞలిచ్చానని, దాంతో నవ్వులన్నీ ఆగిపోయాయని అతను తొణక్కుండా చెబుతాడు. దూతకి అది తెలిసినా తనకేం ఫర్వాలేదన్నట్టే ఉంటుంది. వచ్చే భార్యకి హెచ్చరికగా కావాలనే చెప్పాడనేవాళ్ళూ ఉన్నారు. అయితే అతనికి తెలియకుండా బయటపడేది ఏమిటి? ఆమె తప్పులని అతను ఏకరువు పెట్టేవి చూడండి. ఎవరో తోటలోంచి చెర్రీ కొమ్మ తెచ్చి ఇస్తే సంతోషపడింది. తెల్ల కంచరగాడిద ఎక్కి తిరిగి సంతోషపడింది. తొమ్మిది వందల ఏళ్ళ వంశం పేరు తాను ఇస్తే దానికీ అంతే సంతోషపడింది. అతను నేరాల జాబితా చదువుతున్నాననుకుంటున్నాడు. మనకి మాత్రం ఒక మంచి అమ్మాయి కనిపిస్తుంది, ఆ పక్కనే అతను ఎంత చిన్నవాడో కనిపిస్తాడు.

నాకు ఇక్కడ దారి దొరికింది. నా అన్నయ్య రహస్యం దాచేవాడు కాకూడదు. తాను మంచి కొడుకునని పూర్తిగా నమ్మినవాడు కావాలి. దాచేవాడు జాగ్రత్తగా మాట్లాడతాడు, నమ్మినవాడు ధారాళంగా మాట్లాడతాడు.

జూన్ 9

మొదటి చిత్తుప్రతి నాలుగు పేజీలు వచ్చింది. పనికిరాదు. ఈ ముక్క చూడండి:

“నేనేం కావాలని చేశానా బుజ్జీ? ఆసుపత్రికి తీసుకెళ్తే ఖర్చవుతుందని ఒక రోజు ఆగా. ఆ ఒక్క రోజే కొంప ముంచింది. నాకు మాత్రం బాధ లేదా?”

ఇది ఒప్పుకోలు. తన తప్పు అతనికి తెలుసు, మనకీ చెప్పేశాడు. ఇక మనం పట్టుకోవడానికి ఏం మిగల్లేదు. తన మాటల్ని తానే వినగలిగిన మనిషి ఈ రూపానికి పనికిరాడు.

నోటుపుస్తకంలో పేజీ మధ్య గీత గీశాను. ఎడమవైపు ‘ఈ మాట అతను ఎందుకు అంటున్నాడు’, కుడివైపు ‘మనకి ఏం తెలుస్తోంది’. ప్రతి వాక్యానికీ రెండు వైపులా నింపాలి. ఎడమవైపు ఖాళీగా ఉంటే ఆ వాక్యం నేను దూర్చింది, కొట్టేయాలి. పై ముక్కకి ఎడమవైపు ఏమీ రాయలేకపోయాను. సంతకం కావాల్సినవాడు ఆ మాట ఎందుకంటాడు?

నిలబడిన వాక్యం ఒకటే: “అక్కడ కాదమ్మా, ఇటు కూర్చో. అక్కడ అమ్మ మంచం ఉండేది. గాలి ధారాళంగా వస్తుందని వసారాలోనే వేయించా.” ఎడమవైపు: తల్లి సౌకర్యం చూశానని చెప్పుకోవడం. కుడివైపు: మంచంలో పడ్డ ముసలి తల్లిని ఇంటి బయట పడుకోబెట్టారు. రెండు వైపులూ నిండాయి.

జూన్ 14

ఒక వారం తప్పుదారిలో పోయింది. తల్లి చక్కగా చదువుకున్న మనిషి, చెల్లెలికి ఉత్తరాలు రాసేది అని మొదట చెప్పించాను. చివర్లో “అమ్మ కూడా ఆ కాగితం మీద వేలిముద్ర వేసింది” అనిపించాను. సంతకం చేయగలిగిన తల్లి వేలిముద్ర ఎందుకు వేసిందని చూసేవాళ్ళు ఉలిక్కిపడతారనుకున్నాను.

మా ఊళ్ళో దస్తావేజులు రాసే పెద్దాయనకి వినిపిస్తే ఒక్క మాటతో తేల్చేశారు. రిజిస్ట్రేషన్‌కి వెళ్తే ఎంత చదువుకున్నవాళ్ళయినా సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేయాల్సిందే. ఆఫీసు మెట్లు ఎక్కిన ప్రతివాళ్ళకీ ఇది తెలుసు. ఆధారం అక్కడే చచ్చిపోయింది.

అది దక్కినా బాగుండేది కాదేమో. వేలిముద్ర కనిపెడితే అతను దొంగ అని తేలుతుంది, ఆట అయిపోతుంది. చూసేవాళ్ళు పోలీసుల్లా ఆధారాలు వెతుకుతూ కూర్చుంటారు. నాకు కావాల్సింది ఆ మనిషి లోపల ఏముందో వినపడడం. అలాంటిది వస్తువుల్లో దొరకదు, మాటతీరులో దొరకాలి.

జూన్ 19

దొరికింది. పక్కింటావిడ ఫోన్‌లో వాళ్ళ మామగారి గురించి ఎవరికో చెబుతోంది: “రాత్రంతా దగ్గుతూనే ఉన్నారంట.” అదే ఇంట్లో ఉంటుంది, మరి ‘అంట’ ఎందుకు? ఆ రాత్రి ఆవిడ పుట్టింట్లో ఉంది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, ఆ ఒక్క ‘అంట’ చెప్పింది.

పుస్తకాల్లో ‘ట’ అని రాస్తాం, మా వైపు నోటితో ‘అంట’ అంటాం. కళ్ళారా చూసినదానికి “అడిగింది” అంటాం. ఇంకొకరు చెప్పగా తెలిసినదానికి “అడిగిందంట” అంటాం. ఆలోచించి పెట్టేది కాదు, నాలుక దానంతటదే పెట్టేస్తుంది. అందుకే దీన్ని దాచడం కష్టం. అబద్ధం ఆడాలని కూర్చున్నవాడు కూడా పెద్ద విషయాలు సర్దుకుంటాడు గానీ, ఈ చిన్న తోకను మరిచిపోతాడు.

వెంటనే రాశాను:

“మూడేళ్ళు బుజ్జీ. మూడేళ్ళు అమ్మని కంటికి రెప్పలా చూసుకున్నా. చివరి నాలుగు రోజులూ ఆవిడకి నిద్రే లేదంట. అర్ధరాత్రి లేచి మంచినీళ్ళు అడిగేదంట. రెండు చెంచాలు పోస్తే ఒకటి కక్కేసేదంట. పగలు మాత్రం బాగానే ఉండేది. నేను పొలం నుంచి వచ్చేసరికి నవ్వుతూ పలకరించేది.”

రాత్రి సంగతులకి ‘అంట’ ఉంది. పగటి సంగతులకి లేదు. అతను పగలు చూశాడు, రాత్రి చూడలేదు. ఎడమవైపు గడి కూడా నిండింది: తల్లి ఎంత బాధ పడిందో చెబితే, ఆ బాధంతా మోసింది తానేనని చెల్లెలు అనుకుంటుందని అతని లెక్క.

ఒక జాగ్రత్త రాసుకోవాలి. ‘అంట’ ఎప్పుడూ ఈ పనే చేయదు. “ఈయనగారు వస్తాడంట!” అని ఎత్తిపొడవడానికీ వాడతాం. అందుకని అన్నయ్య చేత మొత్తం మీద ఎక్కడా వెటకారానికి ‘అంట’ అనిపించకూడదు. ఒక్కసారి అలా వాడినా మిగతావాటి బలం పోతుంది. చిత్తులో మూడు చోట్ల ఉంది, మూడూ తీసేశాను.

జూన్ 22

మరి రాత్రిళ్ళు తల్లి దగ్గర ఉన్నదెవరు? మంగ. ఇంట్లో పనిచేసే మనిషి. మంగ రాత్రి కాపలా ఉందని అన్నయ్య చెల్లెలికి చెప్పడు, అది అతని గొప్పకి లోటు. కానీ ఖర్చులు చెబుతాడు. డబ్బు లెక్క చెప్పేటప్పుడు అతనికి ఇంకేదీ గుర్తుండదు.

“మందులకి నెలకి నాలుగు వేలు. డైపర్లు వేరే. మంగకి పగటి పనికిచ్చేది కాక, రాత్రి పడుకున్నందుకు ఇంకో మూడు వేలు. ఎవరినైనా చెయ్యి చాచి అడిగానా? నిన్ను ఒక్క రూపాయి అడిగానా?”

ఆ ‘అంట’ల ముక్కా ఈ ఖర్చుల ముక్కా కలిస్తేనే బొమ్మ పూర్తవుతుంది. వాటి మధ్య ఎంత దూరం ఉండాలన్నది తేలలేదు. మొదట పక్కపక్కనే పెట్టాను, వివరణ ఇచ్చినట్టుంది. ఇప్పుడు మధ్యలో ఒక పేజీ ఉంది. గట్టిగా చదివితే సుమారు మూడు నిమిషాలు. ఆ పేజీలో అతను చేసిన నిజమైన మంచి పని పెట్టాను. తల్లికి కంటి ఆపరేషన్ అయినప్పుడు రెండు రోజులు గుంటూరులో ఆసుపత్రి వరండాలో కూర్చున్నాడు, పట్టీ విప్పాక ఆవిడ మొదట చూసింది అతని మొహమే. ఇది నిజం. చెప్పేటప్పుడు అతని గొంతు పూడుకుపోతుంది. ఈ ముక్క లేకపోతే అతను ఉత్త స్వార్థపరుడైపోతాడు, మనం అతని మాటలు వినడం మానేస్తాం.

జూన్ 27

‘మన’, ‘మా’ మీద ఒక రోజంతా పోయింది. మన భాషకి ఉన్న సౌకర్యం ఇది. ఎదుటి మనిషిని కలుపుకుంటే ‘మన’, పక్కన పెడితే ‘మా’. అన్నయ్య “మన ఇల్లేగా, కాళ్ళు జాపుకుని కూర్చో” అని మొదలుపెడతాడు. పైకప్పు మార్పించిన ఖర్చు దగ్గరికి వచ్చేసరికి “మా ఇంటికి” అంటాడు. మొదటి ఉత్సాహంలో అలాంటి జారుళ్ళు తొమ్మిది పెట్టాను. చదివితే భాషా పాఠంలా ఉంది. ఎనిమిది తీసేశాను.

ఉంచిన ఒక్కటి ఇది: “ఊళ్ళో నలుగురు నాలుగు మాటలన్నారు. మా అమ్మని నేను చూసుకోలేనా అన్నా.” ఊరివాళ్ళతో ఆ మాట అనడం సహజమే. వెంటనే, ఎదురుగా ఉన్న చెల్లెలితో అదే ఊపులో అనేస్తాడు: “మా అమ్మకి నేనేం తక్కువ చేశాను చెప్పు?” తోడబుట్టినదాని ముందు ‘మా అమ్మ’ అన్నాడు. అది అతనికి వినపడదు. చెల్లెలికి వినపడుతుంది.

జూలై 4

చెల్లెలి మౌనం కుదరడం లేదు. ఆమె మాటలు అతని నోట్లో పెట్టి చెప్పిస్తున్నాను: “ఏంటీ, ఆలోచించుకుంటానంటావా?”, “ఏమన్నావ్, పిల్లల్ని అడగాలా?” ఫోన్ మాట్లాడుతున్నట్టుంది. ఇలాంటివి పదకొండు లెక్కపెట్టాను. రెండు వారాలుగా అన్నయ్య మాటలే చూసుకుంటూ ఆమెను మరిచిపోయానని అర్థమైంది.

ఆమె నాలుగు పేజీల్లో ఏం చేస్తుందో విడిగా ఒక కాగితం మీద రాశాను. కాఫీ గ్లాసు అందుకుంటుంది, తాగదు. వసారాలో మంచం ఉన్న చోటు చూస్తుంది. ముసాయిదా తీస్తుంది, మొదటి పేజీ దగ్గరే ఆగిపోతుంది. మంగ గడపలోకి వస్తే ఆమె వైపు తిరిగి కూర్చుంటుంది. అన్నయ్య వాటికి మాటతో కాకుండా పనితో బదులివ్వాలి. “కాఫీ తొరక కట్టింది, ఇంకోటి పెట్టిస్తా ఉండు” అంటే ఆమె తాగలేదని తెలిసిపోతుంది. “మంగా, నువ్వెళ్ళి ఆ గేదె సంగతి చూడు” అంటే ఆడవాళ్ళిద్దరి మధ్యా చూపు కలిసిందని, అది అతనికి నచ్చలేదని తెలుస్తుంది. పదకొండు ప్రశ్నల్లో రెండే మిగిలాయి.

జూలై 8

ఏకపాత్రకి గుండెకాయ ఇవాళ దొరికింది. తల్లి చివరి కోరిక అతను ఎలా చెబుతాడన్నదే ఇన్నాళ్ళూ తేలలేదు. “ఇల్లు వాడికే ఉండాలని అమ్మ అందంట” అని రాసి ఉంచాను. చదువుతుంటే తట్టింది. రాత్రి సంగతులన్నిటికీ ‘అంట’ ఉండి, ఈ ఒక్కదానికి లేకపోతే?

“ఆ ఆఖరి రాత్రి బుజ్జీ, బుజ్జీ అని ఒకటే కలవరించిందంట. నువ్వంటే ఎంత ప్రాణమో చూడు. ఫోన్ చేద్దామనే అనుకున్నా. నీ కూతురికి పరీక్షలు, అర్ధరాత్రి కంగారు పెట్టడం దేనికని ఊరుకున్నా. తెల్లవారుజామున నాలుగింటికి నిన్ను ఇంకోసారి పిలిచిందంట. అప్పుడే అంది, ‘ఒరేయ్, ఈ ఇల్లు నువ్వే ఉంచుకో, దాన్ని సంతకం పెట్టమను’ అంది. స్పష్టంగా అంది.”

పిలిచిందంట, కలవరించిందంట. ఇల్లు మాత్రం ‘అంది’. అదే రాత్రి, అదే మంచం. ఆ మంచం దగ్గర లేనివాడు ఆ ఒక్క మాట ఎలా విన్నాడు? అబద్ధమాడుతున్నానని అతనికి తెలుసా అన్నది నేను తేల్చలేదు, తేల్చను. పదకొండు రోజులుగా నలుగురికీ చెప్పి చెప్పి, తన చెవులతో విన్నట్టే అతనికి అనిపిస్తూ ఉండొచ్చు.

రాసే ముందు ఇంకొకటి నాకు తట్టలేదు. తల్లి తనను పిలిచిందని చెల్లెలికి ఈ క్షణం దాకా తెలియదు. అతను అది తాయిలంలా ఇస్తున్నాడు. అమ్మకి నువ్వంటే ప్రాణం అని చెబితే ఆమె మనసు కరుగుతుందని అతని ఆశ. ఆమెకి వినపడేది, అమ్మ రాత్రంతా పిలిస్తే ఎవరూ తనకి ఫోన్ చేయలేదని. దస్తావేజు కంటే ఇదే పెద్దది.

జూలై 12

ఐదుగురికి విడివిడిగా చదివి వినిపించాను. ప్రతివాళ్ళనీ మూడు ప్రశ్నలు అడిగాను: అతనికి ఏం కావాలి? అతను చెప్పకుండానే మీకేం తెలిసింది? ఎక్కడ తెలిసింది? ‘బాగుందా’ అని అడగలేదు.

ఆ ప్రతిలో ఒక వాక్యం ఉండేది: “మా గదిలో ఏసీ వేసుకుంటే బయట ఏం జరిగినా వినపడదు.” ఐదుగురూ ఆ వాక్యాన్నే చూపించారు. అతన్ని దుర్మార్గుడన్నారు, ఆ తర్వాత చెప్పినదేదీ సరిగా వినలేదు. అందరూ ఒకే వాక్యం చూపించారంటే అక్కడ అరిచింది నేను, అన్నయ్య కాదు. ఎడమవైపు గడి చూస్తే ఖాళీ. ఎలా తప్పించుకుందో తెలియదు. తీసేశాను.

జూలై 16

ఏసీ లేకుండా ఇంకో ఐదుగురికి. ముగ్గురు మంగ మూడు వేల దగ్గర తలెత్తారు, వెనక్కి వెళ్ళి ‘అంట’లు గుర్తు చేసుకున్నారు. ఒకావిడకి ‘అంది’ దగ్గర తెలిసింది. కారణం చెప్పలేకపోయింది, “అక్కడ ఏదో తేడాగా వినిపించింది” అంది. నాకు కావాల్సింది సరిగ్గా అదే. ఐదో ఆయనకి ఏమీ అనిపించలేదు, అన్నయ్య పాపం మంచివాడే అన్నారు. ఆయన కోసం ఇంకో ఆధారం పెట్టాలనిపించింది. పెట్టలేదు. ఆయనకి అర్థమయ్యేలా పెడితే మిగతా నలుగురికీ మళ్ళీ ఏసీ వాక్యం అవుతుంది.

జూలై 21

మొదటి రిహార్సల్. వేస్తున్న మిత్రుడు నాటక పరిషత్తుల్లో పేరున్న నటుడు. అర్థం బాగా తెలుసు కాబట్టి ‘అంట’ దగ్గర ఆగి, కాస్త ఒత్తి పలికాడు. మొత్తం కూలిపోయింది. ఒత్తితే అన్నయ్యకి తెలిసినట్టు అవుతుంది.

ఒత్తొద్దని చెబితే ఇంకా ఎక్కువ గుర్తొచ్చింది. అందుకని ఆ వాక్యాలప్పుడు చేతికి పని ఇచ్చాం. కాగితాల కట్టకి ఉన్న పురికొస ముడి విప్పుతూ మాట్లాడాలి. ముడి నిజంగానే గట్టిగా వేసి ఇచ్చాను. చూపూ ధ్యాసా ముడి మీద ఉండేసరికి ‘అంట’ మామూలుగా జారిపోయింది. ‘అంది’ దగ్గరికి ముడి ఊడిపోవాలి, చేతులు ఖాళీ కావాలి, చెల్లెలి కళ్ళలోకి సూటిగా చూసి చెప్పాలి. నాలుగో సారికి కుదిరింది.

జూలై 24

ముగింపు. చెల్లెలు కాగితం చింపేసి వెళ్ళిపోయే ముగింపు ఒకటి, అన్నయ్య కూలబడి ఏడ్చేది ఒకటి రాశాను. రెండూ తీసేశాను. అతనికి తెలిసిపోతే ఇంతసేపూ తెలియకుండా ఉన్నదంతా వృథా. అతను మొదలుపెట్టిన చోటే ఉండాలి, అదే మర్యాదతో, బస్సు టైము చూసుకుంటూ. ఆఖరి ముక్క ఇలా ఖాయం చేశాం:

“ఏంటమ్మా, మంగతో మాట్లాడాలా? దానికేం తెలుసు, పనిమనిషి. ...సరే, పిలుస్తా. మంగా! ఇటు రా ఒకసారి. అమ్మాయిగారు ఏదో అడుగుతారంట. ...కూర్చో బుజ్జీ, బస్సుకి ఇంకా గంటన్నర టైముంది. ఆ పెన్ను నీ దగ్గరే ఉంచుకో.”

దీపాలు ఆరేటప్పుడు అతను గడప వైపు తిరిగి మంగ కోసం చూస్తుంటాడు. చెల్లెలు కూర్చుందని మనం ఊహించుకునే ఖాళీ కుర్చీ ముందు కాఫీ గ్లాసు నిండుగా ఉండాలి. రిహార్సల్లో నీళ్ళు పోశాం, వెనక వరసలోంచి గ్లాసు ఖాళీగా ఉన్నట్టే కనిపించింది. రేపటి నుంచి నిజం కాఫీ పెట్టాలి, స్టీలుది తీసేసి గాజు గ్లాసు తేవాలి.